వారానికా, రోజుకా? డాక్టరుకు ఫార్మసిస్టు రాసే మెసేజ్

మందుల చీటీలో మోతాదు స్పష్టంగా లేనప్పుడు ఫార్మసిస్టు డాక్టరుకు మెసేజ్ పంపి అడుగుతాడు. చూడటానికి చిన్న పని. కానీ ఆ మెసేజ్‌ను హడావుడిలో ఒక తీరుగా, తీరిగ్గా మరో తీరుగా చదువుకునే వీలుంటే చీటీలో ఉన్న గందరగోళం తొలగదు, చీటీలోంచి ఫోన్‌లోకి మారుతుంది. పైగా ఈసారి డాక్టరు ‘సరే’ అన్నారన్న భరోసా కూడా తోడవుతుంది. కాబట్టి ఈ మెసేజ్ రాయడంలో చూసుకోవలసింది రెండు. ప్రశ్నను ఒక్క రకంగానే చదవగలగాలి. వచ్చే జవాబుకూ ఒక్కటే అర్థం ఉండాలి. రెండోది మొదటిదాని కంటే కష్టం.

ఏ మందు విషయంలోనైనా ఈ అవసరం రావచ్చు. అయితే మెథోట్రెక్సేట్ విషయంలో వచ్చినంత సూటిగా మరెక్కడా రాదు. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడే ఈ మాత్రను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మన దగ్గర చీటీల్లో కనిపించే మాత్రల్లో చాలావరకు రోజూ వేసుకునేవే. డాక్టరు చెయ్యి, ఫార్మసిస్టు కన్ను, రోగి అలవాటు అన్నీ ‘రోజూ’ వైపే మొగ్గుతాయి. ఈ మందు దగ్గర ఆ మొగ్గు ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ మందు పుట్టుకలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దానికి అడ్డుపడే పదార్థాలను కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. దానికి దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతి ఇచ్చింది.

కణం రెండుగా విడిపోవాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. దాని తయారీకి ఫోలిక్ యాసిడ్ కుటుంబపు విటమిన్ అవసరం. ఆ విటమిన్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును మెథోట్రెక్సేట్ అడ్డుకుంటుంది. దీని దెబ్బ ముందుగా తగిలేది వేగంగా విభజన చెందే కణాలకు, అంటే రక్తాన్ని తయారుచేసే ఎముక మూలుగకు, నోటి లోపలి పొరకు, పేగు గోడకు. వారానికి ఒక చిన్న మోతాదు పడితే మిగతా రోజుల్లో ఆ కణాలు తేరుకుంటాయి. రోజూ పడితే తేరుకునే వ్యవధే ఉండదు. మందు ఎంత పడిందన్నది ఒక్కటే లెక్క కాదు, కణాలు ఎన్నాళ్లు విడవకుండా దాని కింద ఉన్నాయన్నదే పెద్ద లెక్క. వారానికి 7.5 మిల్లీగ్రాములు వేసుకోవలసిన మనిషి రోజుకు 7.5 చొప్పున వేసుకుంటే వారం తిరిగేసరికి 52.5 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి. మోతాదు ఏడింతలయింది, విరామం పూర్తిగా పోయింది. కొద్ది రోజుల్లోనే నోట్లో పుండ్లు, విరేచనాలు, జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. తెల్లరక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఇలా చనిపోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. బ్రిటన్‌లో రోగుల భద్రతా సంస్థ 2004లోనూ 2006లోనూ దీనిపై ప్రత్యేకంగా హెచ్చరికలు ఇచ్చింది. అయినా పొరపాట్లు ఆగకపోవడంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2020లో మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది.

ఒక చీటీ, రెండు చదువులు

ఒక చిన్న పట్టణంలోని మందుల షాపును ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 58 ఏళ్ల మహిళ, చేతివేళ్ల కీళ్లు వాచి, పొద్దున్నే పిడికిలి బిగుసుకుపోతున్నాయని నగరంలోని కీళ్ల డాక్టరుకు చూపించుకుని వచ్చింది. చీటీలో మూడు మందులున్నాయి. మొదటిది మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు, ఒక మాత్ర, 4 వారాలు. మాత్రకూ వారాలకూ మధ్య ఇంగ్లిషులో రెండక్షరాలున్నాయి. మొదటిది ‘ఓ’. రెండోది పెన్ను ఈడ్చుకుపోయిన గీత. దాన్ని ‘డి’ అనుకుంటే ‘ఓడీ’, అంటే రోజుకు ఒకసారి. ‘డబ్ల్యు’ అనుకుంటే వారానికి ఒకసారి. రెండో వరుసలో ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, దాని పక్కనా ఇలాంటి గీతే. మూడోది నొప్పికి పారాసెటమాల్, అది శుభ్రంగా ఉంది. మొత్తం ఎన్ని మాత్రలు ఇవ్వాలో దేనికీ రాయలేదు.

‘4 వారాలు’ అని ఉంది కదా, వారానికొకటని అర్థం కాదా అనిపించవచ్చు. కాదు. అది మందు ఎంతకాలం వాడాలో చెబుతుంది, ఎన్నాళ్లకోసారి వేసుకోవాలో చెప్పదు. నాలుగు వారాలపాటు రోజూ వేసుకోమన్నా చీటీ ఇలాగే ఉంటుంది. మాత్రల సంఖ్య రాసి ఉంటే చిక్కు అక్కడే తీరేది. నాలుగు అంటే వారానికొకటి, ఇరవై ఎనిమిది అంటే రోజుకొకటి. మన దేశపు ఔషధ నియమాల్లో 65వ నియమం చీటీలో మోతాదుతో పాటు ఇవ్వవలసిన మొత్తం కూడా ఉండాలని చెబుతుంది. ఆ ఒక్క అంకె ఎంత పని చేస్తుందో ఇలాంటి చీటీ దగ్గర తెలుస్తుంది.

కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒకసారే అని ఫార్మసిస్టుకు చదువులోనే నేర్పారు. అలాంటప్పుడు అడగడం దేనికి, తనే సరిచేసి ఇవ్వవచ్చు కదా? ఇవ్వకూడదు. చీటీలో ఏ జబ్బుకో రాయలేదు. రోగి చెప్పినదాన్ని బట్టి కీళ్లవాతమని ఊహించడమే తప్ప ఆమె రిపోర్టులు ఫార్మసిస్టు చూడలేదు. కొన్ని రకాల క్యాన్సర్లకు ఇదే మందును వరుసగా ఐదు రోజులు ఇచ్చే పద్ధతి ఉంది. ఒకవేళ వారానికొకసారే అయినా ఏ రోజు అన్నది తేలాలి. అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు నిజంగానే పొరపాటున ‘రోజూ’ అని రాసి ఉండవచ్చు. ఫార్మసిస్టు తనలో తానే దిద్దుకుని ఊరుకుంటే ఆ పొరపాటు డాక్టరుకు ఎప్పటికీ తెలియదు. తర్వాత వచ్చే రోగికి అదే రాస్తారు.

తప్పుదారి పట్టించే మెసేజ్‌లు

అలవాటుగా పంపే మెసేజ్ ఇలా ఉంటుంది: “సార్, మెథోట్రెక్సేట్ 7.5 ఓడీ నా? కన్‌ఫర్మ్ చేయండి.” ఇందులో రోగి ఎవరో లేదు. ఆ రోజు ఆ డాక్టరు నలుగురికి అదే మందు రాసి ఉండవచ్చు. ఏ రెండక్షరాల వల్ల అనుమానం వచ్చిందో మళ్లీ ఆ అక్షరాలనే వాడారు. ఇంకా పెద్ద లోపం, జవాబు ఏమిటో ప్రశ్నే చెప్పేస్తోంది. ఓపీలో ముప్పై మంది కూర్చుని ఉండగా ఫోన్ వైపు ఒక్క క్షణం చూసే డాక్టరు కళ్లకు మందు పేరు కనిపిస్తుంది, 7.5 కనిపిస్తుంది, రెండూ తను రాసినవే. బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి మళ్లీ రోగి వైపు తిరుగుతారు. ఆ బొమ్మ దేనికి ఒప్పుకోలో చెప్పగలవారు లేరు.

“రోజూనా, వారానికొకసారా సార్?” అన్న ప్రశ్నకు “యెస్” అని జవాబు వచ్చిన సందర్భాలు మందుల షాపుల్లో పనిచేసేవారికి కొత్త కాదు. ప్రశ్నలో రెండు దారులుంటే అవునన్న మాట ఏ దారికీ చెందదు. “రోజూ కాదు కదా సార్?” అని అడగడం మరీ ప్రమాదం. తెలుగులో ‘అవును’ అంటే ‘మీరన్నది నిజమే, రోజూ కాదు’ అని. ఇంగ్లిషు అలవాటులో ‘యెస్’ అంటే ‘రోజూనే’ అని. ఇద్దరూ రెండు భాషల మధ్య మాట్లాడుకునే చోట, కాదనే ప్రశ్నకు ఒక్క మాటలో వచ్చిన జవాబును నమ్మడానికి వీల్లేదు.

రాయవలసిన తీరు

ఆ చీటీకి తప్పుగా చదవడానికి వీల్లేని మెసేజ్ ఇలా ఉంటుంది. సాధారణంగా దీన్ని ఇంగ్లిషులో రాస్తారు, కానీ ఏ భాషలో రాసినా అమరిక ఇదే.

“డాక్టర్ గారికి నమస్కారం. నేను (షాపు పేరు, ఊరు) ఫార్మసిస్టును, పేరు (…), ఫోన్ (…).

రోగి: (పూర్తి పేరు), 58 ఏళ్ల మహిళ, మీ ఓపీ నంబరు (…), మీరు చీటీ రాసిన తేదీ (…). చీటీ ఫొటో జతచేశాను.

మెథోట్రెక్సేట్ ఇంకా ఇవ్వలేదు. మీ జవాబు వచ్చేదాకా ఇవ్వను.

చీటీలో నేను చదవగలిగింది: మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు, 1 మాత్ర, 4 వారాలు. చదవలేకపోయింది: ఎన్నాళ్లకోసారి వేసుకోవాలో చెప్పే రెండక్షరాలు. అవి ‘ప్రతిరోజూ’ అన్నట్టూ ఉన్నాయి, ‘వారానికి ఒకసారి’ అన్నట్టూ ఉన్నాయి. కీళ్లవాతానికైతే రోజూ ఇవ్వడం ప్రాణాపాయం కాబట్టి అడుగుతున్నాను.

దయచేసి ఈ వాక్యాన్ని ఖాళీలు నింపి పంపండి: ‘మెథోట్రెక్సేట్ ఒక్కో మోతాదు (…) మిల్లీగ్రాములు, ఎన్నాళ్లకోసారి (…), వేసుకోవలసిన వారం పేరు (…), మొత్తం ఇవ్వవలసిన మాత్రలు (…).’

రోగి షాపులోనే ఉన్నారు. 15 నిమిషాల్లో జవాబు రాకపోతే ఫోన్ చేస్తాను.”

కొంచెం పొడవే. కానీ ఇందులో తీసేయగలిగిన వరుస ఒక్కటీ లేదు. రోగి వివరాలు మొదట్లో ఉండటం వల్ల డాక్టరు మనసులోకి ముందు ఆ మనిషి వస్తుంది, తర్వాత మందు వస్తుంది. ఒకే పేరుతో ఇద్దరు రావడం మన ఊళ్లలో మామూలు కాబట్టి వయసు, ఓపీ నంబరు, తేదీ మూడూ కావాలి. ఈ వివరాలూ ఫొటో డాక్టరు సొంత నంబరుకే వెళ్లాలి. ‘చీటీలో ఏముందో చెప్పండి’ అంటూ తోటి షాపుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం రెండు విధాలా తప్పు. రోగి జబ్బు పదిమందికీ తెలుస్తుంది. వచ్చేది జవాబు కాదు, మరొకరి ఊహ.

‘ఇంకా ఇవ్వలేదు’ అన్న మాట కీలకం. అది లేకపోతే, మందు ఇచ్చేసి ఆ తర్వాత అనుమానం వచ్చిందేమోనని డాక్టరు అనుకోవచ్చు, లేదా మందు ఆగిందన్న సంగతే తెలియక తీరిగ్గా సాయంత్రం చూసుకోవచ్చు. చదవగలిగినదాన్ని, చదవలేనిదాన్ని విడదీసి చెప్పడం వల్ల డాక్టరు చూపు నేరుగా ఆ రెండక్షరాల మీద పడుతుంది. ‘చీటీ అర్థం కాలేదు’ అని మొత్తంగా అంటే ఆయన ఫొటో చూసి, తను రాసింది తనకు అర్థమవుతుంది కాబట్టి, ‘బాగానే ఉంది కదా’ అనుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే బరువు మోసేది ఖాళీల వాక్యం. దానికి ‘ఓకే’ అని జవాబివ్వడం కుదరదు. అంకె రాయాలి, వారం పేరు రాయాలి, మాత్రల సంఖ్య రాయాలి. ఈ మూడూ ఒకదాన్నొకటి సరిచూస్తాయి. ‘వారానికి ఒకసారి, బుధవారం, 4 మాత్రలు’ అని వస్తే లెక్క కుదిరింది. ‘వారానికి ఒకసారి, 28 మాత్రలు’ అని వస్తే ఎక్కడో తేడా ఉందని ఇద్దరికీ అక్కడికక్కడే తెలుస్తుంది. వారం పేరు అడగడం బ్రిటన్ నియంత్రణ సంస్థ 2020లో ఇచ్చిన సలహాల్లోనూ ఉంది. రోగితో మాట్లాడి ఒక రోజు నిర్ణయించి, ఆ వారం పేరును చీటీలో పూర్తిగా రాయమని అది డాక్టర్లకు చెప్పింది. ‘బుధవారం’ అన్న మాటను రోజూ అని చదవడం ఎంత హడావుడిలోనైనా సాధ్యం కాదు.

అంకెలు రాసే తీరుకూ కొన్ని కట్టుబాట్లున్నాయి. 5 మిల్లీగ్రాములను ‘5.0’ అని రాయకూడదు, చుక్క మసకబారితే యాభై అవుతుంది. సగం మిల్లీగ్రామును ‘.5’ అని కాకుండా ‘0.5’ అని రాయాలి, లేకపోతే ఐదు అవుతుంది. మైక్రోగ్రాములను పొట్టి రూపంలో కాక పూర్తిగా రాయాలి. ‘ఓడీ’, ‘బీడీ’ లాంటి పొట్టి మాటలు చీటీలో ఉన్నా మెసేజ్‌లో ఉండకూడదు. కంటి డాక్టర్ల చీటీల్లో ‘ఓడీ’ అంటే కుడికన్ను అని కూడా అర్థం ఉంది. మోతాదును మిల్లీగ్రాముల్లోనూ మాత్రల సంఖ్యలోనూ చెప్పడం మెథోట్రెక్సేట్‌కు తప్పనిసరి, ఎందుకంటే మన మార్కెట్లో ఇది 2.5 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా రకరకాల బలాల్లో దొరుకుతుంది. షాపులో 7.5 మాత్ర లేక 2.5 మాత్రలు ఇవ్వవలసి వస్తే ఒక్కో మోతాదుకు మూడు మాత్రలు. అప్పుడు ‘మూడు’ అన్న అంకె రోగి చెవిలో ‘రోజుకు మూడు పూటలు’గా మారకుండా చూసుకోవాలి.

ఫోలిక్ యాసిడ్ సంగతి ఈ మెసేజ్‌లో ఎందుకు లేదు? దానికీ అనుమానం ఉంది కదా. కావాలనే వదిలేశారు. రెండు మందుల గురించి ఒకేసారి అడిగితే ‘వారానికి ఒకసారి’ అన్న ఒక్క జవాబు వచ్చినప్పుడు అది ఏ మందుకో తెలియదు. ఫోలిక్ యాసిడ్‌ను కొందరు డాక్టర్లు వారానికి ఒకసారి, మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున ఇస్తారు. కొందరు ఆ ఒక్క రోజు మినహా మిగతా రోజుల్లో ఇస్తారు. రెండు మందులూ తారుమారై, ఫోలిక్ యాసిడ్ వారానికొకటీ మెథోట్రెక్సేట్ రోజుకొకటీ అయిపోవడం ఈ జంటలో ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం. కాబట్టి మొదటి జవాబు స్పష్టంగా వచ్చాక రెండో మెసేజ్ విడిగా పంపాలి. పారాసెటమాల్ ప్రస్తావన అసలే అక్కర్లేదు.

జవాబు వచ్చాక

ఇంత జాగ్రత్తగా అడిగినా “ఓకే, గో అహెడ్” అని రావచ్చు. దాన్ని జవాబుగా తీసుకోకూడదు. మెసేజ్ చదివినట్టు పడే నీలిరంగు టిక్కులు జవాబు అసలే కాదు. అప్పుడు మర్యాదగానే మళ్లీ రాయాలి: “ధన్యవాదాలు సార్. వారం పేరు, మాత్రల సంఖ్య రాసి పంపితేనే మందు ఇవ్వగలను.” రెండోసారి అడగడానికి చాలామంది ఫార్మసిస్టులు జంకుతారు. పెద్ద డాక్టరు, చిన్న షాపు, చిరాకు పడతారేమోనన్న భయం అర్థమయ్యేదే. అయినా ఈ మందు దగ్గర ఆ జంకుకు చోటు ఇవ్వకూడదు.

ఫోన్ చేస్తే తరచూ ఎత్తేది క్లినిక్‌లోని రిసెప్షనిస్టో కాంపౌండరో. “ఒక్క నిమిషం” అని లోపలికెళ్లి వచ్చి “సార్ ఒకటి వేసుకోమన్నారు” అని చెబుతారు. ఎన్నాళ్లకోసారన్న అసలు ప్రశ్న ఆ దారిలోనే జారిపోయింది. మోతాదు సందేహానికి మధ్యవర్తి మాట పనికిరాదు, డాక్టరు గొంతే వినాలి. విన్నదాన్ని వెంటనే తిరిగి చదివి వినిపించాలి. “మెథోట్రెక్సేట్, ఏడున్నర మిల్లీగ్రాములు, వారానికి ఒక్కసారి, బుధవారం, మొత్తం నాలుగు మాత్రలు. సరేనా సార్?” అని. ఇంగ్లిషులో చెబుతున్నప్పుడు ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పదిహేనును ‘ఒకటి, ఐదు’ అని అంకె అంకెగా పలకాలి. ఫోన్‌లో తేలినదాన్ని ఒక మెసేజ్‌గా డాక్టరుకే పంపి ఉంచితే తర్వాత ఎవరు ఏమన్నారన్న వాదం రాదు.

జవాబు స్పష్టంగా ‘ప్రతిరోజూ’ అని వస్తే? మెసేజ్ తన పని తాను చేసింది, ఎటూ కాని అస్పష్టత పోయింది. కానీ ప్రమాదం పోలేదు. అప్పుడు ఫార్మసిస్టు రాతను పక్కనపెట్టి నేరుగా డాక్టరుతో మాట్లాడాలి, ఏ జబ్బుకు, ఎన్ని రోజులకు అని అడగాలి. సమాధానం కుదిరేదాకా మందు ఇవ్వకూడదు. స్పష్టంగా రాసిన తప్పు మోతాదు కూడా తప్పే.

డాక్టరు అసలు దొరకని రోజులూ ఉంటాయి. మెథోట్రెక్సేట్ విషయంలో ఇది పెద్ద చిక్కు కాదు. వారానికోసారి వేసుకునే మందు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా మొదలైతే కీళ్లవాతం రోగికి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. రోజూ వేసుకుంటే జరిగేదాన్ని మాత్రం వెనక్కి తీసుకోవడం కష్టం. దానికి విరుగుడుగా ఆసుపత్రిలో ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ వేరు, చీటీలోని ఫోలిక్ యాసిడ్ వేరు. ఆ మాత్రలు ఎక్కువ మింగినంత మాత్రాన విషం దిగదు. అందుకే పారాసెటమాల్ ఇచ్చి పంపి, మెథోట్రెక్సేట్ రేపు తీసుకెళ్లమని చెప్పడమే సరైన పని. ఇన్సులిన్, మూర్ఛ మందుల లాంటి వాటి దగ్గర లెక్క తిరగబడుతుంది. ఒక్క పూట ఆగినా ముప్పే కాబట్టి అక్కడ మెసేజ్ పంపి కూర్చోకుండా మొదటే ఫోన్ చేయాలి, దొరక్కపోతే రోగిని దగ్గర్లోని ఆసుపత్రికి పంపాలి.

మన కథలోని చీటీకి జవాబు వచ్చింది అనుకుందాం: 7.5 మిల్లీగ్రాములు, వారానికి ఒకసారి, బుధవారం, 4 మాత్రలు. ఫార్మసిస్టు సరిగ్గా నాలుగు మాత్రలే ఇవ్వాలి. పది మాత్రల అట్టను ‘ఉంచుకోండి, తర్వాత పనికొస్తాయి’ అని మొత్తం ఇచ్చేస్తే ఇంట్లో మిగిలిన ఆరు మాత్రలు కొత్త ప్రమాదం. అట్టను కత్తిరించేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపు రోగికి దక్కేలా చూడాలి. కవరు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ‘బుధవారం మాత్రమే, ఒక మాత్ర, మిగతా రోజుల్లో వేసుకోకూడదు’ అని రాయాలి. ‘వారం’ అన్న మాటను ఒంటరిగా వాడకపోవడం మంచిది. ‘వారం వాడండి’ అంటే ఏడు రోజులు వరుసగా అని అర్థం చేసుకునేవారే ఎక్కువ. చెప్పడం అయ్యాక “అమ్మా, ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పండి” అని అడిగి ఆమె నోట వినాలి. ఆమె “బుధవారం బుధవారం ఒకటి” అంటే విషయం చేరినట్టు. “రాత్రి ఒకటి” అంటే చేరలేదు, మళ్లీ చెప్పాలి. నోట్లో పుండ్లు, జ్వరం, గొంతునొప్పి వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమని కూడా ఆ సమయంలోనే చెప్పాలి.

ఇక మిగిలింది ఆ చీటీ. మన దగ్గర మందులు కొన్నాక చీటీ రోగి చేతికే తిరిగి వెళ్తుంది. వచ్చే నెల ఆమె అదే చీటీతో మరో షాపుకు వెళ్లవచ్చు. అక్కడి మనిషి ఆ రెండక్షరాలను ఎలా చదువుతాడో తెలియదు. ఫార్మసిస్టు డాక్టరు రాతను దిద్దకూడదు, ఆ అక్షరాల మీద కొత్త అక్షరాలు రాయకూడదు. మందు ఇచ్చిన షాపు పేరు, చిరునామా, తేదీని డాక్టరు సంతకం పైన వేయాలని నియమం ఎలాగూ ఉంది. దాని పక్కనే ‘మెథోట్రెక్సేట్ బుధవారం మాత్రమే, ఫలానా తేదీన, ఫలానా సమయానికి డాక్టరు గారు మెసేజ్‌లో చెప్పారు’ అని రాసి తన పేరు పెట్టుకోవచ్చు. షాపు రిజిస్టరులోనూ అదే మాట నమోదు చేసి, మెసేజ్‌ను చెరిపేయకుండా ఉంచాలి. ఇది తాత్కాలిక ఏర్పాటే.

మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి నియమాల్లో 2016లో చేర్చారు. నల్గొండకు చెందిన ఒక ఫార్మసిస్టు అర్థంకాని చీటీల మీద అప్పటి ఉమ్మడి హైకోర్టుకు వెళ్లిన సంగతి ఈ వృత్తిలో ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. ఆ నియమం పేరు వరకూ సాయపడుతుంది, ఎన్నాళ్లకోసారన్న పొట్టి అక్షరాల దాకా అది చేరలేదు. అందువల్ల డాక్టరుకు పంపే ఆఖరి మెసేజ్‌లో ఒక విన్నపం కూడా ఉండాలి: “వీలు చూసుకుని ఈ రోగికి వారం పేరు, మాత్రల సంఖ్య ఉన్న కొత్త చీటీ రాసి, సంతకంతో ఇవ్వగలరు. తర్వాతి ఓపీకి వచ్చినప్పుడు పాత చీటీ తీసుకుని రద్దు చేయగలరు.” కొత్త చీటీ చేతికి వచ్చేదాకా పాత చీటీతో మందు తీసుకోవద్దని, మాత్రలు అయిపోతే ఇదే షాపుకు రమ్మని రోగికి చెప్పాలి.